అద్దె ఇంట్లో ట్యూషన్లు పెట్టుకుంటామని ఓనర్లని ఎలా అడగాలి? ఉత్తరం చూసి చెప్పండి (పాలకొల్లు)

సత్య_పాలకొల్లు
అందరికీ నమస్కారం. పాలకొల్లులో ఒక డాబా ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటున్నాం. హాలు, రెండు గదులు, వంటగది. పై వాటాలో ముందు వైపు ఓనర్లు ఉంటారు, ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. పైన వెనక పోర్షన్‌లో ఒక కుర్రాడు ఒక్కడే ఉంటాడు, రొయ్యల చెరువుల మీద పని. నేను ఇదివరకు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పేదాన్ని, బాబు పుట్టాక మానేశాను. ఇప్పుడు సాయంత్రాలు ఇంట్లోనే 6 నుంచి 10 తరగతి పిల్లలకి ట్యూషన్ చెబుదామని ఉంది. పన్నెండు మంది వరకు.

ఓనర్లు మంచివాళ్ళే. వాళ్ళని పిన్నిగారు, బాబాయిగారు అనే పిలుస్తాం. కాని బాబాయిగారికి అన్నీ టైము ప్రకారం జరగాలి. మధ్యాహ్నం నిద్ర, లేచాక కాఫీ, ఆ తర్వాత టీవీలో ప్రవచనం. పైగా అగ్రిమెంటులో "నివాసం నిమిత్తం మాత్రమే" అని రాసి ఉంది. నోటితో అడిగితే కంగారులో సగం చెప్పి సగం మర్చిపోతానని ఉత్తరం రాసుకున్నాను:

"గౌరవనీయులైన ఓనరుగారికి, మేము అద్దెకుంటున్న ఇంట్లో చిన్న స్థాయిలో ట్యూషన్లు చెప్పుకోవడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఎలాంటి శబ్దం రాకుండా, ఎవరికీ ఇబ్బంది కలగకుండా, ఇంటికి ఏ విధమైన నష్టం జరగకుండా చూసుకుంటానని హామీ ఇస్తున్నాను."

ఇది సరిపోతుందా? ఆయన కాదంటే ఇక్కడ ఉండటమే ఇబ్బందిగా ఉంటుందని టెన్షన్‌గా ఉంది.

లా_పాయింట్ (భీమవరం)
మేడం, అసలు అడగక్కర్లేదు. మీది 11 నెలల అగ్రిమెంటే కదా? రిజిస్టర్ కాని కాగితానికి విలువ లేదు. ఇంట్లో మీరు ఏం చేసుకుంటారో మీ ఇష్టం. అద్దె టైముకి ఇస్తున్నంత కాలం ఎవరూ ఏమీ అనలేరు. అడిగారంటే మీరే అనుమానం పుట్టించినట్టు.

తణుకు_డాబా
పై సలహా విన్నారంటే నెల తిరక్కుండా సామాను సర్దుకోవాలి. నేను ఓనరుని. మా కింది వాటాలో అద్దెకున్నాయన చెప్పకుండానే ట్యూషన్ మొదలుపెట్టాడు. మొదట ఐదారుగురు పిల్లలు, పోన్లే అనుకున్నాను. దసరా వెళ్ళేసరికి హాల్లోకి బెంచీలు వచ్చాయి. సంక్రాంతి వెళ్ళాక గేటుకి ఫ్లెక్సీ కట్టాడు. మార్చి వచ్చేసరికి తెల్లారి ఐదింటికే టెన్త్ బ్యాచి! మా ఆవిడ ముగ్గు పెడదామని వస్తే వాకిట్లో అడుగు పెట్టే చోటు లేదు, అంతా సైకిళ్ళే. అడిగితే "పిల్లల చదువండీ" అన్నాడు. ఆ మాట అన్నాక మనం ఏం మాట్లాడినా మనమే చెడ్డవాళ్ళం.

మీ ఉత్తరం గురించి ఓనరుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. "ఎలాంటి శబ్దం రాదు" అంటే నేను నమ్మను. పన్నెండు మంది పిల్లలు వస్తే శబ్దం రాకుండా ఎలా ఉంటుందండి? ఆ ఒక్క ముక్కతో మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది.

చిన్నోడి_అమ్మ
సత్యగారూ, మీరు పాలకొల్లులో ఏ వైపండి? మా బాబు ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం, లెక్కల్లో కొంచెం వీకు. ఫీజు ఎంత? ఆదివారం కూడా చెబుతారా?

సత్య_పాలకొల్లు
@చిన్నోడి_అమ్మ ఇంకా మొదలే పెట్టలేదండి, ఓనర్లు ఒప్పుకోవాలి ముందు 🙂

@తణుకు_డాబా మీరు చెప్పింది వింటుంటే మా బాబాయిగారు కూడా లోపల ఇదే అనుకుంటారేమో అనిపిస్తోంది. మరి ఎలా రాస్తే నమ్ముతారు?

పెరటి_జామ (అమలాపురం)
సత్యా, నేను అద్దె ఇళ్ళల్లోనే ట్యూషన్లు చెప్పి ఇద్దరు పిల్లల్ని చదివించాను. ఇల్లు మారినప్పుడల్లా ఈ అడగడం ఉంటుంది. నాకు తెలిసింది చెబుతాను.

ఓనర్లు పాఠం చెప్పే చప్పుడుకి పెద్దగా విసుక్కోరు. మా ఓనర్లలో ఒకావిడ అయితే ఎక్కాలు వినిపిస్తుంటే బాగుంటుందనేది కూడా. గొడవంతా ముందూ వెనకా ఓ పావుగంటలో వస్తుంది. స్కూలు ఆటో నాలుగుంబావుకే పిల్లల్ని దింపేసి పోతుంది, నీ క్లాసు ఐదింటికి. ఆ ముప్పావుగంట వాళ్ళు ఎక్కడ ఉంటారు? గేటు మీద ఊగుతారు, మెట్ల మీద పరుగులు పెడతారు, కుళాయి తిప్పి వదిలేస్తారు. క్లాసు అయ్యాక ఇంకో తంతు. తల్లిదండ్రులు బండి దిగకుండా వీధిలోంచే హారన్ కొడతారు. దిగినవాళ్ళు గేటు దగ్గర నిలబడి "మావాడు ఎలా చదువుతున్నాడండీ" అని మొదలుపెడితే ఇంకో పది నిమిషాలు. పైన పడుకున్న మనిషికి వినిపించేది ఇదంతా.

అందుకని "శబ్దం రాదు" అని రాయకు. గేటు ఎన్నింటికి తీస్తావో రాయి. ముందే వచ్చిన పిల్లల్ని నేరుగా హాల్లోకి తీసుకుని హోంవర్కు మీద కూర్చోబెడతానని రాయి, బయట నిలబెట్టకు. రెండు బ్యాచీలు పెడితే మధ్యలో పావుగంట ఖాళీ వదులు. లేకపోతే వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ వాకిట్లో ఒకేసారి కలుస్తారు, అప్పుడు ఎవరూ ఆపలేరు. తల్లిదండ్రులతో మాటలు నెలకోసారి, అదీ లోపల. హారన్ కొట్టొద్దని చేరేటప్పుడే చెప్పేయి.

రెండోది, తణుకు ఆయన అన్న మార్చి సంగతి. ఓనర్లు మోసపోయామనుకునేది అక్కడే. జూన్‌లో ఒప్పుకున్నది ఒకటి, పబ్లిక్ పరీక్షల ముందు జరిగేది ఇంకొకటి. పరీక్షల నెలలో ఏం చేస్తావో ఇప్పుడే రాసేయి.

దస్తావేజు (రామచంద్రపురం)
కాగితాలు రాయడం నా వృత్తి కాబట్టి ఒక మాట. @లా_పాయింట్ గారు సగం సరిగ్గానే చెప్పారు, సగం ప్రమాదం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం చాలా రాష్ట్రాల్లో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కాని మన ఆంధ్రలో 1999 సవరణ తర్వాత ఏడాది లోపు లీజుకి కూడా తప్పనిసరే. అందరూ 11 నెలలకి రాసుకునేది ఆ పాత లెక్క ప్రకారమే. రిజిస్టర్ కాని కాగితం కోర్టులో షరతులకి రుజువుగా నిలవకపోవచ్చు, అంతమాత్రాన దాన్ని అసలు పట్టించుకోనక్కర్లేదని కాదు. అవి ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టిన మాటలు.

ఇక 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో అద్దెదారు బాధ్యతలు ఉన్నాయి. ఏ పనికి అద్దెకు తీసుకున్నారో ఆ పనికే వాడాలి, వేరే పనికి వాడకూడదు. వాడుకలో మామూలుగా వచ్చే అరుగుదల పోను ఇల్లు తీసుకున్నప్పటిలాగే అప్పగించాలి. కుటుంబం కాపురం ఉంటూ నలుగురు పిల్లలకి పాఠం చెబితే అది "వేరే పని" అవుతుందా అంటే వాదించుకోవచ్చు, ఎంతమంది, ఎంతసేపు అనేదాన్ని బట్టి ఉంటుంది. కాని మీ అగ్రిమెంటులో "మాత్రమే" అనే మాట ఉంది. కాబట్టి చిన్న కాగితం మీద ఓనరు సంతకం ఉండాలి. కొత్త స్టాంపు పేపరు అక్కర్లేదు. మీ ఉత్తరం రెండు కాపీలు తీసి, కింద "పై షరతుల మీద నాకు అభ్యంతరం లేదు" అని ఆయన చేత తేదీ వేయించి సంతకం చేయించుకుంటే చాలు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి మీ దగ్గర. వచ్చేసారి అగ్రిమెంటు తిరగరాసుకునేటప్పుడు ఆ ముక్క లోపల చేర్పించండి. లేకపోతే కొత్త కాగితంలో మళ్ళీ "మాత్రమే" వచ్చి పడుతుంది.

ఉత్తరం ముందు ఇవ్వకండి. ముందు వెళ్ళి మాట్లాడండి, ఆయన సరే అన్నాక కాగితం. పైన ఉన్న ఓనరుకి కింద ఉన్నవాళ్ళు ఉత్తరం పంపితే నోటీసు ఇచ్చినట్టు ఉంటుంది.

లా_పాయింట్ (భీమవరం)
సరే, అగ్రిమెంటు సంగతి ఒప్పుకుంటాను. కాని కోచింగ్ సెంటర్లకి రిజిస్ట్రేషన్ ఉండాలని కేంద్రం రూల్స్ తెచ్చింది కదా? 16 ఏళ్ళ లోపు పిల్లల్ని చేర్చుకోకూడదని కూడా ఉంది. ఈవిడ చెప్పేది ఆరో తరగతి వాళ్ళకి. ముందు అది చూసుకోవాలి.

దస్తావేజు (రామచంద్రపురం)
అవి 2024 జనవరిలో వచ్చిన మార్గదర్శకాలు. అందులో కోచింగ్ సెంటర్ అంటే 50 మందికి పైగా విద్యార్థులు ఉన్నది అనే రాశారు. పన్నెండు మంది పిల్లలకి దానితో పని లేదు. నిజంగా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం స్కూల్లో పనిచేసే టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. సత్యగారు మానేశారు కాబట్టి ఆవిడకి ఇబ్బంది లేదు.

సత్య_పాలకొల్లు
అయ్యో, మా ఆడపడుచు హైస్కూల్లో టీచరు. శనివారాలు వచ్చి ఇంగ్లీషు చెబుతానంది. ఆ విషయం ఉత్తరంలో రాద్దామనుకున్నాను, ఓనర్లకి గౌరవంగా ఉంటుందని.

దస్తావేజు (రామచంద్రపురం)
రాయకండి, చెప్పించకండి కూడా.

చిన్నోడి_అమ్మ
మా వీధిలో స్కూలు టీచర్లు అందరూ చెబుతూనే ఉన్నారుగా, ఎవరు పట్టించుకుంటున్నారు?

దస్తావేజు (రామచంద్రపురం)
ఎవరో ఒకరు ఫిర్యాదు ఇచ్చేవరకు ఎవరూ పట్టించుకోరమ్మా. మన ఊళ్ళల్లో ఆ ఒకరు పక్క ట్యూషన్ వాళ్ళే అయి ఉంటారు.

రిటైర్డ్_లైన్ (నరసాపురం)
కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యాను. ఓనరు పైకి చెప్పని భయం ఒకటుంది, మీటరు. అది ఆయన పేరు మీద ఉంటుంది. ఇళ్ళకి కేటగిరీ 1, వ్యాపారానికి కేటగిరీ 2, రేటు తేడా బాగానే ఉంటుంది. "ట్యూషన్ అంటే కేటగిరీ మార్చేస్తారు, బిల్లు నా నెత్తిన పడుతుంది" అనుకుంటాడు. ఇంటి పన్ను సంగతీ అంతే, నివాసం కాని భవనాలకి మున్సిపాలిటీ రేటు వేరు.

నా అనుభవంలో కాపురం ఉంటున్న ఇంట్లో, బోర్డు లేకుండా, నలుగురు పిల్లలు వచ్చి చదువుకుంటే ఎవరూ కేటగిరీ మార్చలేదు. గేటుకి ఫ్లెక్సీ కట్టి, హాలు నిండా బెంచీలు వేసినచోట తనిఖీకి వచ్చినవాళ్ళు రాసుకున్నారు. అందుకని బోర్డు పెట్టనని ఉత్తరంలో రాయమ్మా. అది ఆయనకి చాలా పెద్ద మాట.

వాడకం ఎంత పెరుగుతుందో కూడా లెక్క చెప్పు, పాఠం చెప్పేదానివి కదా. రెండు ఫ్యాన్లు 75 వాట్ల చొప్పున 150, రెండు ఎల్‌ఈడీ ట్యూబులు 40, మొత్తం 190 వాట్లు. రోజుకి రెండున్నర గంటలు, నెలకి 26 రోజులు వేసుకుంటే 12 యూనిట్ల పైచిలుకు. అంతే. కాకపోతే ఇప్పుడు మీ వాడకం స్లాబు అంచున ఉంటే ఆ పన్నెండు యూనిట్లూ పై రేటులో పడతాయి. పాత బిల్లులు చూసుకో. బిల్లు మీరే కడుతున్నారా, ఆయన కట్టి మీ దగ్గర తీసుకుంటున్నారా?

సత్య_పాలకొల్లు
మా వాటాకి వేరే మీటరు ఉందండి, ఆయన పేరు మీదే. బిల్లు మేమే కడతాం.

నిన్న మాటల్లో పిన్నిగారి దగ్గర "పిల్లలకి చదువు చెబుదామనుకుంటున్నానండి" అని మెల్లగా కదిపాను. ఆవిడ కాదనలేదు. "బాత్రూమో?" అన్నారు, అంతే. ఎందుకలా అన్నారో అర్థం కాలేదు.

తణుకు_డాబా
నాకు అర్థమైంది. సెప్టిక్ ట్యాంకు!

పెరటి_జామ (అమలాపురం)
అదే. మన డెల్టాలో ఇళ్ళున్నవాళ్ళకి ఉండే భయం ఇది. వానాకాలంలో రెండు మూడడుగులు తవ్వితే ఊట వచ్చే నేలలు మనవి. ట్యాంకులోంచి బయటికొచ్చే నీరు ఇంకాల్సిన గుంతలో అప్పటికే ఊరినీళ్ళు నిండి ఉంటాయి. ఇక ఎక్కడికి పోతుంది? ఫ్లష్ కొడితే గుడగుడమని నెమ్మదిగా దిగుతుంది, బాత్రూము జాలీలోంచి వాసన మొదలవుతుంది. అది కనిపిస్తే ఓనర్లు ట్యాంకు నిండిందనే అనుకుంటారు. పైవాటా, కిందివాటా అందరిదీ ఒకే ట్యాంకు అయితే ముందు నీళ్ళు ఎగదన్నేది కింది వాటాలోనే, అంటే నీ దగ్గరే.

గంటన్నర లోపు క్లాసుకి వచ్చిన పిల్లల్లో నిజంగా అవసరమయ్యేది నలుగురైదుగురికి. ఒకరు లేస్తే మిగతావాళ్ళు సరదాకి లేస్తారు. ఇంటి దగ్గర వెళ్ళి రమ్మని అలవాటు చేయాలి, అవసరమైతే ఒక్కొక్కరినే పంపాలి. ఫ్లష్ ట్యాంకు పాతదైతే ఒక్కసారికి పది లీటర్లు. అరగంట లోపు పన్నెండు సార్లు కొడితే ఎంతో నువ్వే లెక్కేసుకో. బయట పెరట్లో వేరే లెట్రిన్ ఉంటే పిల్లలకి అదే చూపించు.

నేనైతే ఓనరుతో "ట్యాంకు తీయించినప్పుడు ఖర్చులో సగం నాది" అని ముందే అన్నాను. రెండేళ్ళకోసారి వచ్చే ఖర్చు, భరించలేనిదేం కాదు. దాంతో మాట అయిపోయింది.

చెరువుగట్టు (ఉండి)
నేను ఆ పై పోర్షన్ కుర్రాడి లాంటివాణ్ణే, అందుకే రాస్తున్నా. మాకు రాత్రంతా ఏరియేటర్ల దగ్గర కాపలా. కరెంటు పోతే జనరేటర్ వేయాలి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలుతుందేమోనని కన్ను మూయం. ఇంటికొచ్చి పడుకునేసరికి మధ్యాహ్నం. సాయంత్రం ఐదారు వరకు నిద్ర. మా రూము కింద కూడా ఒక ట్యూషన్ ఉండేది. అందరూ ఓనరుని అడిగారు, నన్నెవరూ అడగలేదు. చివరికి రూము మారాను. సత్యగారూ, ఆ అబ్బాయిని ఒకసారి అడగండి.

సత్య_పాలకొల్లు
నిజంగా ఆ ఆలోచనే రాలేదండి. అడుగుతాను.

ఇంటికి జరిగే నష్టం విషయంలో ఏం రాయాలి? గోడలకి పోయినేడాదే రంగు వేయించారు, లేత పసుపు.

పెరటి_జామ (అమలాపురం)
లేత పసుపా! అయితే ముందు నూనె సంగతి చూసుకో. పిల్లలు చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంటారు. స్కూలుకి వెళ్ళేముందు తల్లులు తలకి కొబ్బరినూనె దట్టిస్తారు కదా. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో, గోడ పొడుగునా, తలలు ఆనినచోటల్లా మసక మసకగా గుండ్రటి మరకలు మొదలవుతాయి. దసరాకి అవన్నీ కలిసిపోయి ఒకటే పట్టీ. సబ్బు పెట్టి తుడిస్తే రంగు ఊడొస్తుంది, మరక ఉంటుంది. పైన ఒక కోటింగు వేసినా కొన్నాళ్ళకి నూనె మళ్ళీ పైకి తేలుతుంది. ఖాళీ చేసేటప్పుడు ఓనరు మొదట చూసేది ఆ పట్టీనే.

చాపలు గోడకి అడుగున్నర ఎడంగా, హాలు మధ్యలో ఎదురెదురుగా వేయి. ఆనుకోవడానికి గోడ అందకూడదు. చిన్న రాత బల్లలు ఉంటే నిటారుగా కూర్చుంటారు. బోర్డు కోసం గోడకి డ్రిల్లు పెట్టకు, స్టాండు బోర్డు కొనుక్కో. స్విచ్ బోర్డు చుట్టూ నల్లగా అవుతుంది, పిల్లల్ని ముట్టుకోనివ్వకు, నువ్వే వేయి, నువ్వే తీయి. చెప్పులకి మెట్ల పక్కన పాత స్టాండు ఒకటి పెట్టు, వానలప్పుడు గోనెపట్టా పరుచు. మన నల్లమట్టి ఒకసారి గచ్చుకి పట్టిందంటే గీకాల్సిందే.

మొదలుపెట్టే ముందు రోజు హాలు గోడలు, గచ్చు, బాత్రూము కుళాయి, గేటు, అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి బాబాయిగారికి వాట్సాప్ చేయి. పాత పగుళ్ళు కూడా కనబడేలా తీయి. అద్దెకున్నవాళ్ళకి అది రక్షణ, ఓనరుకీ నమ్మకం.

తణుకు_డాబా
జామ గారు చెప్పిన పట్టీ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది 😀 ఆ గోడకి బీరువా అడ్డం పెట్టాం.

సత్య_పాలకొల్లు
మీరంతా చెప్పింది పెట్టి మళ్ళీ రాశాను. ముందు మాట్లాడాకే ఇస్తాను:

"బాబాయిగారికి, పిన్నిగారికి నమస్కారం. మొన్న మాట్లాడినట్టు కింది హాల్లో సాయంత్రాలు పిల్లలకి చదువు చెప్పుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాను. ఎలా నడుపుతానో కింద రాస్తున్నాను.

పిల్లలు మొత్తం పన్నెండు మందికి మించరు, ఒక్కో బ్యాచికి ఆరుగురు. సోమవారం నుంచి శనివారం వరకు, 4:45 నుంచి 6:00, మళ్ళీ 6:15 నుంచి 7:30. ఆదివారం ఉండదు. గేటు 4:30కి తీస్తాను. ముందే వచ్చినవాళ్ళు హాల్లోనే కూర్చుంటారు, మెట్ల మీదికి, డాబా మీదికి రారు. గట్టిగా కలిసి చదివించడం ఉండదు. పిల్లలన్నాక కొంత సందడి ఉంటుంది, అది 7:45 దాటదు.

తల్లిదండ్రులు గేటు బయటే పిల్లల్ని దింపి తీసుకెళ్తారు. సైకిళ్ళు మా కిటికీ కిందే పెడతారు, మీ కారుకీ, ముగ్గు వేసేచోటికీ అడ్డం రావు. బోర్డు, ఫ్లెక్సీ పెట్టను. నేను తప్ప వేరే ఎవరూ ఇక్కడ చెప్పరు.

హాలు గోడలకి మేకులు కొట్టను. ఖాళీ చేసేటప్పుడు హాలు గోడలకి నాలుగడుగుల ఎత్తు వరకు రంగు నేను వేయిస్తాను. పిల్లల వల్ల కుళాయి, స్విచ్చు, గేటు గడియ పాడైతే వారంలో బాగుచేయిస్తాను. సెప్టిక్ ట్యాంకు తీయించినప్పుడు ఖర్చులో సగం ఇస్తాను.

పబ్లిక్ పరీక్షల నెలలో పదో తరగతి పిల్లలకి ఇంకో గంట అవసరం కావచ్చు. అది కూడా సాయంత్రమే, రాత్రి 8:30 లోపు. తెల్లవారుజామున క్లాసులు పెట్టను. సంక్రాంతికి మీ పిల్లలు వచ్చినప్పుడు, ఇంట్లో శుభకార్యం ఉన్నా, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా చెప్పండి, ఆ రోజులు సెలవు ఇస్తాను.

మొదట మూడు నెలలు చూడండి. మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఆ నెలాఖరుకి ఆపేస్తాను. దానికీ మేము ఇంట్లో ఉండటానికీ సంబంధం పెట్టుకోవద్దని మాత్రం కోరుతున్నాను."

తణుకు_డాబా
ఈ ఉత్తరం మా కింది వాటాయన ఇచ్చి ఉంటే నేను సంతకం పెట్టేవాణ్ణి. "కొంత సందడి ఉంటుంది" అన్న మాట బాగుంది. ఒక్కటి చూసుకోండి, "ఆ నెలాఖరుకి ఆపేస్తాను" అంటే ఫిబ్రవరిలో ఆపమంటే? టెన్త్ పిల్లలు ఏమైపోతారు? ఓనరుగా నాకు బాగానే ఉంటుంది గాని మీకు కష్టం.

పెరటి_జామ (అమలాపురం)
అవును, "పరీక్షల ముందు అయితే ఆ పిల్లల పరీక్షలు అయ్యేవరకు" అని చేర్చు. ఇంకోటి, నాలుగడుగుల వరకే రంగు అంటే కింద ఒక రంగు పైన ఒక రంగు కనిపిస్తుంది. కింద ఆయిల్ పెయింటు వేసి పైన గీత గీస్తే బాగుంటుంది గాని, ఆయనకి నచ్చాలి. లేకపోతే మొత్తం గోడే వేయించాలి. అది ముందే మాట్లాడుకో.

దస్తావేజు (రామచంద్రపురం)
చివరి వాక్యం ఉంచండి. ట్యూషన్ ఆపమనడం వేరు, ఇల్లు ఖాళీ చేయమనడం వేరు అని కాగితం మీద ఉండటం మంచిది.

సత్య_పాలకొల్లు
నిన్న ఆదివారం కదా, మా ఆయనా నేనూ కలిసి పైకి వెళ్ళాం. బాబాయిగారు మొత్తం విన్నారు. ట్యూబులైట్ల లెక్క చెబితే కాగితం తీసుకుని ఆయనే మళ్ళీ గుణించుకున్నారు. ఆయన అడిగింది మాత్రం మనం ఎవ్వరం అనుకోనిది. "ఆడపిల్లలు ఏడున్నరకి చీకట్లో ఎలా వెళ్తారమ్మా? ఏదైనా అయితే మా ఇంటి పేరు చెబుతారు." వాళ్ళని మొదటి బ్యాచిలోనే వేస్తానని, ఎవరూ రాకుండా ఒక్కర్తినీ పంపనని చెప్పాను. గేటు దగ్గర లైటు ఆయనే పెట్టిస్తానన్నారు.

పన్నెండు కాదు, ఎనిమిది మందితో మొదలుపెట్టమన్నారు. సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు. రంగు సంగతి "అప్పటికి చూసుకుందాంలే" అన్నారు. అద్దె మీద నెలకి ఐదొందలు అదనంగా ఇమ్మన్నారు. మా ఆయన వెంటనే సరే అన్నారు, నాకే కొంచెం చివుక్కుమంది.

పై అబ్బాయి నాలుగున్నరకే లేస్తాడట, ఐదు తర్వాత ఏం ఉన్నా పర్వాలేదన్నాడు. అందుకని మొదటి బ్యాచి ఐదింటికి జరిపాను. రెండోది కూడా పావుగంట వెనక్కి వెళ్తుంది, 7:45 వరకు.

లా_పాయింట్ (భీమవరం)
ఐదొందలు ఇవ్వకండి. అదనంగా తీసుకుంటే ఆయనే వ్యాపారానికి ఇచ్చినట్టు ఒప్పుకున్నట్టు అవుతుంది, రేపు కరెంటు వాళ్ళు అడిగితే ఇదే చూపిస్తారు.

రిటైర్డ్_లైన్ (నరసాపురం)
అలా ఏమీ ఉండదు. వాళ్ళు చూసేది వాడకాన్ని, మీ అద్దె రశీదుని కాదు.

దస్తావేజు (రామచంద్రపురం)
ఇవ్వొచ్చు, కాని దేనికో రాయించుకోండి. అద్దె పెంపు అయితే వచ్చే ఏడాది పెంచేటప్పుడు ఈ ఐదొందల మీద కూడా పెరుగుతుంది. నీళ్ళకీ, ట్యాంకుకీ నిర్వహణ కింద అయితే అలా ఉండదు. పైగా ట్యాంకు తీయించడంలో సగం మీరు ఇస్తానన్నారు కదా, రెండూ ఎందుకు? ఏదో ఒకటి అడగండి. ట్యూషన్ ఆగిపోతే ఐదొందలూ ఆగిపోవాలి, అది కూడా రాయించండి.

తణుకు_డాబా
ఓనరు పక్షాన చెబుతున్నాను, ఐదొందలు ఎక్కువేం కాదు. ఎనిమిది మంది పిల్లలంటే ఒక పిల్లాడి ఫీజు.

పెరటి_జామ (అమలాపురం)
ఎనిమిది మందితో మొదలుపెట్టినప్పుడు ఒక పిల్లాడి ఫీజు చిన్నదేం కాదండి. సత్యా, ట్యాంకు మాట చూపించి ఐదొందల్ని మూడొందలు చేయమని పిన్నిగారి ద్వారా అడుగు. బాబాయిగారితో నేరుగా బేరం పెట్టకు.

సత్య_పాలకొల్లు
రేపు పిన్నిగారు పూలు కోసుకోవడానికి కిందికి వస్తారు, అప్పుడు అడుగుతాను. కాగితం రెండు కాపీలు తీయించాను, ఐదొందల దగ్గర ఖాళీ వదిలాను. @చిన్నోడి_అమ్మ మీరు మెసేజ్ పెట్టండి. బాబుని రెండో బ్యాచిలో వేస్తాను, కాని హారన్ కొట్టకూడదు.

చిన్నోడి_అమ్మ
మేం సైకిలేనండి. ఆదివారం లేదంటున్నారు, పోనీ శనివారం కొంచెం ఎక్కువసేపు చెప్పరా?